పే నొక్కాక, పేజీ వచ్చేలోపు

(అనంతపురంలో ఒక ఆదివారం ఉదయం, ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకునే చిన్న వ్యాపారులు, ఇంజనీరింగ్ విద్యార్థులు కూర్చున్న చోట మాట్లాడిన మాటలకు రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవాళ్ళకు వినిపిస్తోందా? సరే.

ముందు ఒక రాత్రి జరిగింది చెప్తాను, ఎందుకంటే నేను ఈరోజు చెప్పాలనుకున్నదంతా ఆ రాత్రి నుంచే నేర్చుకున్నాను. మా అక్క ఇక్కడే పాతూరులో చెనిక్కాయల గానుగ నూనె అమ్ముతుంది, ఆమె వెబ్‌సైట్ రాసింది నేను. ఉగాదికి నాలుగు రోజుల ముందు, రాత్రి తొమ్మిదిన్నరకు, గుంతకల్లు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ఐదు లీటర్ల డబ్బా, పార్సిల్ చార్జీతో కలిపి 1,840 రూపాయలు, పే నొక్కితే డబ్బు పోయింది గానీ ఆర్డర్ వచ్చినట్టు పేజీ రాలేదు, ఏదో తేడా అయిందనుకుని మళ్ళీ నొక్కితే మళ్ళీ పోయింది, మళ్ళీ పేజీ రాలేదు. ఆమె ఖాతాలో 3,680 తగ్గాయి. అక్క తన ఫోన్లో ఆర్డర్ల పేజీ తెరిచి చూస్తే డబ్బు కట్టిన ఆర్డర్ ఒక్కటి కూడా లేదు. వెంటనే నాకు ఫోన్. "ఏందిరా ఇది, ఆయమ్మ దుడ్లు యాడికి పోయినట్టు?" అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. వెబ్‌సైట్ రాసినవాడిని నేనే, అయినా డబ్బు ఎక్కడుందో చెప్పలేకపోయాను. ఆ రాత్రి రెండింటి దాకా కూర్చుని ఒక్కో అడుగూ వెతికాను.

పే నొక్కడానికీ, "మీ ఆర్డర్ అందింది" అనే పేజీ కనిపించడానికీ మధ్య ఓ పది ఇరవై సెకన్లు ఉంటాయి కదా, ఆ సెకన్లలో ఏం జరుగుతుందో యూపీఐ పద్ధతిలోనే చెప్తాను, ఎందుకంటే మా కస్టమర్లలో ఎక్కువమంది కట్టేది దాంతోనే. కార్డుతో కడితే మధ్యలో ఉండే సంస్థలు మారతాయి, ఓటీపీ వస్తుంది, కానీ నేను చెప్పబోయే చిక్కు అక్కడా ఇదే.

మొదటి సెకనులో డబ్బు కదలదు. మీరు బటన్ నొక్కగానే అమ్మేవాళ్ళ సర్వర్ తన డేటాబేస్‌లో ఒక వరుస రాసుకుంటుంది: ఆర్డర్ నంబర్ 4127, ఫలానా సరుకు, ఫలానా మొత్తం, స్థితి `pending`. ఇంకా ఏమీ తేలలేదని ఆ మాటకు అర్థం. ఈ వరుస ముందే రాయాలి, డబ్బు వచ్చాక రాద్దాంలే అనుకోకూడదు, ఎందుకంటే డబ్బు వచ్చిందన్న కబురు తరవాత అందినప్పుడు అది దేనికి వచ్చిందో చెప్పేది ఈ వరుస ఒక్కటే. మొత్తాన్ని కూడా బ్రౌజర్ చెప్పిన లెక్కతో రాయకూడదు, సర్వర్ తన దగ్గరున్న ధరలతో మళ్ళీ కూడుకోవాలి, లేకపోతే కాస్త తెలిసినవాళ్ళెవరైనా పేజీలో 1,840ని 18 చేసి పంపగలరు. ఇంకో చిన్న సంగతి, మా గేట్‌వేకి మొత్తం పైసల్లో పంపాలి: 1,840 రూపాయలంటే 184000. దశాంశ చుక్క లేని పూర్ణసంఖ్య అయితే లెక్కల్లో పైసా అటూ ఇటూ కాదు.

తరవాత మా సర్వర్ పేమెంట్ గేట్‌వేకి చెబుతుంది, ఇదిగో ఇంత మొత్తానికి ఒక ఆర్డర్ తెరవండి అని. గేట్‌వే అంటే మాకూ బ్యాంకులకూ మధ్య ఉండే సంస్థ. వాళ్ళు ఒక గుర్తింపు సంఖ్య ఇస్తారు, దాంతో మీ ఫోన్లో యూపీఐ యాప్ తెరుచుకుంటుంది. ఇక్కడ ఒకటి గమనించండి. మా వెబ్‌సైట్ పేజీ ఇప్పుడు వెనక్కి వెళ్ళిపోయింది. ముందున్నది యూపీఐ యాప్. ఇది తరవాత మనకు కావాలి.

మీరు పిన్ కొడతారు. ఆ పిన్ కొట్టే తెర యాప్‌ది కాదు, అన్ని యాప్‌లలోనూ ఒకేలా కనిపిస్తుంది చూడండి, అది ఎన్‌పీసీఐ ఇచ్చిన భాగం. ఎన్‌పీసీఐ అంటే యూపీఐని నడిపే సంస్థ, 2016లో దీన్ని మొదలుపెట్టింది వాళ్ళే. పిన్ మీ ఫోన్లోనే తాళం పడిపోయి బయటికి వెళుతుంది, దాన్ని సరిచూడగలిగేది మీ ఖాతా ఉన్న బ్యాంకు మాత్రమే. యాప్‌కి తెలియదు, మాకు అసలే తెలియదు.

పిన్ కొట్టాక మాట యాప్ నుంచి, ఆ యాప్ వెనకున్న బ్యాంకు ద్వారా, ఎన్‌పీసీఐ దగ్గరికి పోతుంది. ఎన్‌పీసీఐ ముందు మీ బ్యాంకును అడుగుతుంది: ఈ ఖాతాలోంచి 1,840 తియ్యి. మీ బ్యాంకు పిన్ చూసి, నిల్వ చూసి, తీసి, తీశాను అని జవాబిస్తుంది. మీకు ఎస్ఎంఎస్ రావడానికి కారణం ఈ అడుగు. తీశాను అన్న జవాబు వచ్చాకే ఎన్‌పీసీఐ రెండో బ్యాంకుకు చెబుతుంది: ఈ ఖాతాలో 1,840 వెయ్యి. ఆ రెండో ఖాతా మా అక్కది అనుకుంటున్నారేమో, కాదు. గేట్‌వే వాళ్ళు ఒక బ్యాంకులో వ్యాపారుల డబ్బు కోసం వేరుగా పెట్టిన ఖాతా అది. అక్క ఖాతాలోకి డబ్బు మర్నాడో, సెలవులు పడితే ఆ తరవాతో వస్తుంది. అంటే కస్టమర్ పేజీ చూసే సమయానికి అమ్మేవాళ్ళ చేతిలో రూపాయి కూడా లేదు, వస్తుందన్న కబురు మాత్రమే ఉంది. చిన్న వ్యాపారులు ఇది తెలుసుకుని ఉండాలి. పండగ ముందు సరుకు కొనడానికి ఆ డబ్బే దారి అనుకుంటే ఒకటి రెండు రోజులు చేతిలో ఇంకో దారి ఉండాలి.

ఇంతవరకూ చెప్పినదాంట్లో తియ్యడం, వెయ్యడం వేరువేరు పనులు, వేరువేరు బ్యాంకుల్లో. మధ్యలో ఎక్కడైనా ఒక జవాబు ఆలస్యం కావచ్చు. ఎన్‌పీసీఐ ఒక్కో జవాబు కోసం ఎంతసేపు ఆగాలో లెక్క ఉంది, ఇదివరకు 30 సెకన్లు ఉండేది, 2025 జూన్ 16 నుంచి 15కి తగ్గించారు. ఆ లోపు జవాబు రాకపోతే? ఆ బ్యాంకు పని చేయలేదని కాదు. పని చేసి ఉండొచ్చు, చేశానన్న జవాబు దారిలో ఆగిపోయి ఉండొచ్చు. అందుకే పేమెంట్లో అయింది, కాలేదు అనే రెండు ఫలితాలతో సరిపోదు, ఇంకా తెలియదు అనే మూడోది కూడా ఉంది. చాలా వెబ్‌సైట్లు ఈ మూడోదాన్ని రెండోదానిలో కలిపేసి "పేమెంట్ విఫలమైంది, మళ్ళీ ప్రయత్నించండి" అని రాసేస్తాయి. ఆ మాట నమ్మి మనిషి మళ్ళీ కడతాడు. మొదటిది ఐదు నిమిషాల తరవాత అయిందని తేలుతుంది. రెండు డబ్బాల డబ్బు పోయింది కదా ఇప్పుడు. దీని గురించి నాకు నిజంగా కోపం వస్తుంది, ఎందుకంటే అక్కడ తెరమీద ఒక్క వాక్యం మారిస్తే చాలు: "మీ బ్యాంకు జవాబు కోసం చూస్తున్నాం, దయచేసి మళ్ళీ కట్టకండి, తేలగానే మెసేజ్ పంపుతాం."

సరే, మన గుంతకల్లు ఆవిడ విషయంలో బ్యాంకులు ఏ తప్పూ చేయలేదు. తియ్యాల్సినవాళ్ళు తీశారు, వెయ్యాల్సినవాళ్ళు వేశారు, అంతా నాలుగైదు సెకన్లలో. తప్పు తరవాతి అడుగులో ఉంది, అది నేను రాసిన అడుగు.

డబ్బు పడిందన్న కబురు అమ్మేవాళ్ళ సర్వర్‌కి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, కస్టమర్ ఫోన్ ద్వారా: యూపీఐ యాప్ మూసుకుని బ్రౌజర్ మళ్ళీ ముందుకొస్తుంది, గేట్‌వే ఇచ్చిన సమాచారాన్ని ఆ పేజీ మా సర్వర్‌కి తెచ్చి ఇస్తుంది, మేం ధన్యవాదాల పేజీ చూపిస్తాం. రెండోది, గేట్‌వే సర్వర్ నుంచి నేరుగా మా సర్వర్‌కి, మధ్యలో ఎవరి ఫోనూ లేకుండా. దీన్ని వెబ్‌హుక్ అంటారు. మా సర్వర్లో ఒక చిరునామా వాళ్ళకు ముందే ఇచ్చి ఉంచుతాం, పేమెంట్ తేలగానే ఆ చిరునామాకు వాళ్ళు కబురు పెడతారు, మేం అందింది అని జవాబివ్వకపోతే కాసేపాగి మళ్ళీ పెడతారు, మళ్ళీ మళ్ళీ, గంటల తరబడి.

నేను మొదటి దారి ఒక్కటే రాశాను. నా ఫోన్లో పరీక్షించినప్పుడల్లా పేజీ బాగానే వచ్చేది, ఇంకో దారి ఎందుకు అనుకున్నాను. ఆవిడది కొంచెం పాత ఫోన్, మెమరీ తక్కువ. యూపీఐ యాప్ తెరుచుకోగానే చోటు చాలక ఆండ్రాయిడ్ వెనకున్న బ్రౌజర్‌ని మూసేసింది. ఇందాక గమనించమన్నాను చూడండి, మా పేజీ వెనక్కి వెళ్ళిపోయిందని, అదే ఇది. ఆవిడ తిరిగొచ్చేసరికి బ్రౌజర్ కొత్తగా తెరుచుకుని మళ్ళీ బుట్ట పేజీనే చూపించింది, అందులో డబ్బా అలాగే ఉంది. ఎవరైనా ఏం చేస్తారు? మళ్ళీ నొక్కుతారు. నా కోడు ఆ రెండో నొక్కుకు ఇంకో కొత్త ఆర్డర్ రాసింది. గేట్‌వే దృష్టిలో ఇవి వేరువేరు ఆర్డర్లు, రెండిటికీ డబ్బు తీసుకుంది. మా డేటాబేస్‌లో రెండూ `pending`గా పడున్నాయి. ఆర్డర్ల పేజీలో డబ్బు కట్టినవి మాత్రమే కనిపించేట్టు రాశాను కాబట్టి అక్కకు ఏమీ కనిపించలేదు.

గేట్‌వే పేజీలోకి వెళ్ళి చూస్తే రెండు పేమెంట్లూ శుభ్రంగా ఉన్నాయి, ఒక్కోటి 1,840, మధ్య మూడు నిమిషాల తేడా. ఒకదాన్ని ఆర్డర్‌గా ఖాయం చేసి, రెండోదాన్ని వెనక్కి పంపాం. మర్నాడు పొద్దున్నే అక్క డబ్బాను గుంతకల్లు బస్సులో పార్సిల్ వేసింది. వెనక్కి పంపిన డబ్బు ఆవిడకు చేరడానికి ఇంకో మూడు రోజులు పట్టింది, ఆ మూడు రోజులూ ఆవిడ రోజూ ఫోన్ చేసింది, అందులో ఆమె తప్పేమీ లేదు. పండగ ముందు ఇంట్లో 1,840 అంటే చిన్న మొత్తం కాదు.

అప్పుడు కూర్చుని వెబ్‌హుక్ రాశాను. అది రాయగానే ఇంకో చిక్కు మొదలైంది, విద్యార్థులు ఇది బాగా వినండి.

ఇప్పుడు ఒకే కబురు రెండు దారుల్లో వస్తోంది. ఏది ముందొస్తుందో చెప్పలేం. చాలాసార్లు వెబ్‌హుకే ముందొస్తుంది, కొన్నిసార్లు రెండూ ఒకే క్షణంలో వస్తాయి. పైగా వెబ్‌హుక్ ఒకటే రెండుసార్లు రావచ్చు, మేం అందింది అన్న జవాబు వాళ్ళకు చేరకపోతే వాళ్ళు మళ్ళీ పంపుతారు కదా. నేను మొదట రాసిన కోడు ఇలా ఆలోచించేది: ఆర్డర్ స్థితి చదువు, `pending` అయితే `paid` చెయ్యి, అక్కకు ప్యాకింగ్ చీటీ పంపు, నిల్వలోంచి ఒక డబ్బా తగ్గించు. వినడానికి సరిగ్గానే ఉంది. కానీ రెండు కబుర్లు ఒకే క్షణంలో వస్తే ఇద్దరూ చదువుతారు, ఇద్దరికీ `pending` అనే కనిపిస్తుంది, ఇద్దరూ చీటీ పంపుతారు. అక్కకు ఒకే ఆర్డర్‌కి రెండు చీటీలు వెళ్ళాయి ఒకరోజు, పని కుర్రాడు రెండు డబ్బాలు కట్టేశాడు. తాడిపత్రి కస్టమర్ ఫోన్ చేసి, మీరు ఒకటి ఎక్కువ పంపారు అని చెప్పాడు కాబట్టి తెలిసింది.

దీనికి మందు చదవడాన్నీ మార్చడాన్నీ విడదీయకుండా డేటాబేస్‌తో ఒకే మాటలో చెప్పడం:

```sql
UPDATE orders SET status = 'paid'
WHERE id = 4127 AND status = 'pending';
```

ఈ ఆదేశం నడిచాక డేటాబేస్ ఎన్ని వరుసలు మారాయో చెబుతుంది. ఒకే వరుసను ఇద్దరు ఒకేసారి మార్చబోతే డేటాబేస్ ఒకరిని ఆపి ఒకరిని పోనిస్తుంది. ముందు వెళ్ళినవాళ్ళకు 1 అని వస్తుంది, వెనక వచ్చినవాళ్ళు చూసేసరికి స్థితి `pending` కాదు కాబట్టి 0 అని వస్తుంది. 1 వచ్చినవాళ్ళే చీటీ పంపాలి, నిల్వ తగ్గించాలి. 0 వచ్చినవాళ్ళు, సరే ఇదివరకే అయిపోయింది అనుకుని గమ్మున ధన్యవాదాల పేజీ చూపించాలి. ఇంతే. ఈ రెండు వరుసల కోడు పెట్టాక మాకు జంట చీటీ మళ్ళీ రాలేదు.

ఇంకొక్కటి. వెబ్‌హుక్ చిరునామా ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా దానికి "4127కి డబ్బు పడింది" అని దొంగ కబురు పంపొచ్చు. అందుకే గేట్‌వేకీ మాకూ మాత్రమే తెలిసిన ఒక రహస్యం ఉంటుంది, వాళ్ళు పంపే ప్రతి కబురు మీదా ఆ రహస్యంతో లెక్కగట్టిన సంతకం ఉంటుంది, మేం అదే లెక్క మళ్ళీ కట్టి సరిపోతేనే నమ్ముతాం. బ్రౌజర్ తెచ్చే కబురుకీ ఇదే పరీక్ష. కొందరి వెబ్‌సైట్లలో ధన్యవాదాల పేజీ తెరుచుకుంటే చాలు, డబ్బు కట్టినట్టే లెక్క. ఆ పేజీ చిరునామా ఒకసారి చూసినవాళ్ళు రెండోసారి డబ్బు కట్టకుండా నేరుగా దాన్నే టైపు చేస్తే సరుకు ఇంటికొస్తుంది. మీ వెబ్‌సైట్ ఎవరిచేతైనా రాయించుకుని ఉంటే ఈ ఒక్క పరీక్ష వాళ్ళ ముందే చేసి చూడండి.

ఇప్పుడు మా దగ్గర అంతా సరిగ్గా నడిచిన ఒక ఆర్డర్ ఎలా ఉంటుందో చూపిస్తాను, మా సర్వర్ లాగ్ ఇది:

```
21:14:07 order 4127 created 184000 pending
21:14:08 checkout opened
21:14:23 webhook ok 4127 pending -> paid
21:14:26 browser returned 4127 already paid
```

మొత్తం పంతొమ్మిది సెకన్లు. అందులో ఎక్కువ భాగం మనిషి యాప్‌లో ఖాతా చూసుకుని పిన్ కొట్టడానికే పోయింది. వెబ్‌హుక్‌కీ బ్రౌజర్‌కీ మధ్య మూడు సెకన్లు చూడండి. ఆ మూడు సెకన్లూ కస్టమర్ తన తెరమీద గుండ్రంగా తిరిగే బొమ్మ చూస్తూ కూర్చుంది, మా అక్క ఫోన్లో మాత్రం అప్పటికే ఆర్డర్ మోగింది. ఆ బ్రౌజర్ మూసుకుపోయి నాలుగో వరుస ఎప్పటికీ రాకపోయినా ఇప్పుడు మాకు ఏమీ కాదు, మూడో వరుసలోనే ఆర్డర్ ఖాయమైంది, ఆమెకు మెసేజ్ వెళ్ళిపోయింది.

రెండో నొక్కు సంగతి కూడా సరిచేశాం. అదే బుట్టతో మళ్ళీ పే నొక్కితే కొత్త ఆర్డర్ రాయం, పాతదాన్నే తీసి ముందు గేట్‌వేని అడుగుతాం, దీనికి డబ్బు వచ్చిందా అని. వచ్చి ఉంటే నేరుగా ధన్యవాదాల పేజీ. ఇదికాక ప్రతి పది నిమిషాలకూ ఒక చిన్న ప్రోగ్రామ్ నడుస్తుంది, `pending`లో ఉండిపోయిన ఆర్డర్లన్నీ తీసి ఒక్కోదాని గురించీ గేట్‌వేని అడుగుతుంది. కరెంటు పోయి మా సర్వర్ ఆగి వెబ్‌హుకులు పోయినా ఇది పట్టుకుంటుంది.

ఇక్కడ ఒకాయన చీటీ పంపారు: "బ్యాంకులో డబ్బు కట్ అయింది, అమ్మేవాళ్ళ దగ్గరికి మాత్రం నిజంగానే రాలేదు, అప్పుడేం చెయ్యాలి?"

మంచి ప్రశ్న. ఇది మా గుంతకల్లు కేసు లాంటిది కాదు, ఇందాక చెప్పిన మూడో ఫలితం. మీ బ్యాంకు తీసింది, తరవాతి అడుగు తేలలేదు. దీనికి రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వు ఉంది. వ్యాపారికి యూపీఐతో కట్టినప్పుడు ఖాతాలో డబ్బు తగ్గి, వ్యాపారి వైపు ఖాయం కాకపోతే, కట్టిన రోజు కాక ఇంకో ఐదు రోజుల్లోపు ఆ డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలు మీకు ఇవ్వాలి, మీరు ఫిర్యాదు చేసినా చేయకపోయినా. చాలామందికి ఈ వంద రూపాయల సంగతి తెలియక అడగరు.

ఆ ఐదు రోజుల్లో మీరు చేయాల్సింది, యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి పన్నెండు అంకెల యూటీఆర్ నంబర్ రాసిపెట్టుకోవడం. అమ్మేవాళ్ళకు స్క్రీన్‌షాట్ పంపినా వాళ్ళు మొత్తాన్నీ టైమునూ చూసి ఊహించాల్సిందే, స్క్రీన్‌షాట్లు మార్చినవి కూడా వస్తున్నాయి. ఆ నంబర్ ఇస్తే గేట్‌వే పేజీలో వెతికి అరనిమిషంలో చెప్పేస్తారు, మా దగ్గరికి వచ్చింది లేదా రాలేదు అని. వచ్చి ఉంటే ఆర్డర్ ఇవ్వడమో డబ్బు వెనక్కి పంపడమో అమ్మేవాళ్ళ బాధ్యత. రాకపోతే యాప్‌లోనే ఆ లావాదేవీ కింద ఫిర్యాదు బటన్ ఉంటుంది, అది నొక్కండి, లేదా అదే నంబర్‌తో మీ బ్యాంకుకు రాయండి. అక్క ఇప్పుడు అలాంటి ఫోన్ రాగానే ముందు ఆ పన్నెండు అంకెలే అడుగుతుంది. ఫోన్ చేసినవాళ్ళు అంకెలు చదువుతుంటే ఒక్కోటీ తిరిగి గట్టిగా చదివి రాసుకుంటుంది, నాకు ఫోన్ చేసేది ఆ తరవాతే.